లావణ్య మెసేజ్‌కి జవాబు

లావణ్యా,

కంగ్రాట్స్ రా! మనస్ఫూర్తిగా అంటున్నా. మీ ఇద్దరూ, మీ అమ్మగారూ ఎంత సంబరపడుతుంటారో నాకు తెలుసు.

నీ మెసేజ్‌లో సగం సారీలే ఉన్నాయి. "నీకెలా చెప్పాలో తెలీలేదు, తప్పుగా అనుకోకే" అని రాశావు. నువ్వేం తప్పు చేశావని? నీకు కడుపు నిలిచినందుకు నాకు రావాల్సింది ఏదీ తగ్గిపోదు. చదవగానే సంతోషమేసింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. ఆ ఏడుపు నా సంగతి తలుచుకుని, నీ బిడ్డ సంగతి విని కాదు. రెండూ నిజమే. నా దగ్గర ఒకటి దాచి ఒకటి చూపించే పని పెట్టుకోను, నువ్వూ పెట్టుకోకు.

చెప్పిన పద్ధతి మాత్రం చాలా బాగుంది. మన ఇంటర్ గ్రూప్‌లో పెట్టకముందే నాకు విడిగా చెప్పావు, అదీ ఫోన్ చేయకుండా రాసి పంపావు. ఫోన్‌లో అయితే అదే క్షణాన గొంతులో సంతోషం పలికించాలి, లేకపోతే అవతలివాళ్లు నొచ్చుకుంటారు. రాస్తే ఆ ఇబ్బంది లేదు. ఇకమీదట పెద్ద కబురు ఏదైనా ఇలాగే చెప్పు.

ఇప్పుడు ఎనిమిదో వారం అన్నావు కదా, బిడ్డ మెడ వెనక మందం కొలిచే ఎన్‌టీ స్కాన్‌కి ఇప్పుడే అపాయింట్‌మెంట్ తీసుకో. 11వ వారం నుంచి 13 వారాల 6 రోజుల లోపే అది చేయాలి, దాటితే ఆ కొలతకి విలువ ఉండదు. బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ 18 నుంచి 20 వారాల మధ్య. రెండింటికీ నన్ను తోడు రమ్మని అడగకు. స్కానింగ్ సెంటర్‌లో నాలా గుడ్డు ఎంత పెరిగిందో చూసే ఫాలికిల్ స్కాన్‌కి వచ్చినవాళ్లనీ, బిడ్డని చూసుకోవడానికి వచ్చినవాళ్లనీ ఒకే బెంచీ మీద కూర్చోబెడతారు. ఫైళ్లు చూస్తేనే ఎవరు ఎందుకొచ్చారో తెలిసిపోతుంది. ఆ బెంచీ మీద నీ పక్కన నవ్వుతూ కూర్చునే బలం నాకు ప్రస్తుతం లేదు. రక్తపరీక్షలకైతే పిలువు, వస్తా. మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కి ఒకటే మెట్రో, మారే పని కూడా లేదు. స్కాన్ అయ్యాక "అంతా బాగుంది" అని ఒక్క లైన్ రాయి. ఆ లైన్ కోసం ఎదురుచూస్తుంటా. ఫొటో మాత్రం నేను అడిగినప్పుడు పంపు. నీ స్టేటస్‌లు కొన్నాళ్లు మ్యూట్‌లో పెడతాను, చూసినవాళ్లలో నా పేరు లేదని బాధపడకు.

నాతో ఒక్క ప్రశ్న వద్దు: "టెస్ట్ చేసుకున్నావా?" ఎందుకో చెప్తా. మాకు గుడ్డు విడుదలవ్వడానికి ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్‌లో ఉండేది హెచ్‌సీజీ అనే గర్భం హార్మోనే, ఇంట్లో చేసుకునే కిట్ పట్టుకునేదీ దాన్నే. అందుకని ఇంజెక్షన్ తర్వాత పది రోజులకి పైగా కూడా రెండో గీత రావచ్చు, అది గర్భం కాకపోవచ్చు. పైగా ప్రొజెస్టిరాన్ మందుతో వికారం, రొమ్ముల నొప్పి, నిద్రమత్తు అన్నీ గర్భంలాగే ఉంటాయి. వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపే ఐయూఐ అయ్యాక సుమారు రెండు వారాలకి చేసే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష వచ్చేదాకా నేను ఏ గుర్తునీ నమ్మను. ఆ రోజుల్లో నీ మెసేజ్‌లకి జవాబు ఆలస్యమైతే అదే కారణం అనుకో, నీ మీద కోపం అనుకోకు. ఫలితం ఏదైనా నేనే చెప్తాను.

"టెన్షన్ తీసేయ్, దానంతటదే వస్తుంది" అని కూడా అనకు. నువ్వు అనవు, నాకు తెలుసు, కానీ మన గ్రూప్‌లో ఎవరో ఒకరు అంటారు. నాకు పీసీఓఎస్ వల్ల గుడ్డు సమయానికి విడుదల కావట్లేదు. ఊటీ వెళ్లొస్తే అది విడుదల కాదు, మందు పడాలి. నువ్వు కబురు చెప్పగానే "మరి సుమ ఎప్పుడు?" అని అడిగేవాళ్లూ ఉంటారు. అప్పుడు నా తరఫున ట్రీట్‌మెంట్ సంగతులు వివరించకు. "దాన్ని ఆ విషయం అడగొద్దు" అని ఒక్క మాట అని, మాట మార్చెయ్. జాలితో వచ్చే పది మెసేజ్‌లకి జవాబులు రాయడం ఆ ప్రశ్న కంటే కష్టం.

నీ వాంతుల సంగతి నాతో చెప్పడానికి మొహమాటపడకు. లేవగానే మంచం మీదే ఒక రస్క్ తిని, పది నిమిషాలాగి దిగు. కడుపు ఖాళీగా ఉంటే వికారం పెరుగుతుంది, కాబట్టి రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తిను. నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా, రక్తం కనిపించినా రేపటిదాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చెయ్. తర్వాత ఐరన్ మొదలుపెడతారు, దాన్ని టీతో గానీ కాల్షియం మాత్రతో గానీ కలిపి వేసుకోకు, ఒంటికి సరిగా పట్టదు. ఇవన్నీ ఏ వేళలో అయినా అడుగు. "అసలెందుకు వచ్చిందే ఈ కడుపు" అనే మాట ఒక్కటే నా చెవిన వేయకు. అది మీ చెల్లితో అను.

సీమంతం గురించి ఇప్పుడే అనేస్తున్నా, ఏడో నెలలో మొహాలు చూసుకుని ఇబ్బందిపడకుండా. ఫంక్షన్‌కి రాలేనేమో. ముందురోజు సాయంత్రం మాత్రం తప్పకుండా వస్తా, మనిద్దరమే కూర్చుని గాజులు వేసుకుందాం. లాడ్ బజార్ నుంచి పచ్చవీ ఎర్రవీ తెస్తా. నీ సైజు రెండు-ఆరు, కానీ అప్పటికి చేతులు వాస్తాయి, మట్టిగాజులు ఎక్కించేటప్పుడు పగిలి గుచ్చుకుంటాయి. అందుకని రెండు-ఎనిమిదే తెస్తాను. ఒకవేళ ఆ రోజు ధైర్యం చేసి ఫంక్షన్‌కి వచ్చినా, మీ అత్తయ్యవాళ్లు నన్ను నీ పక్కన కూర్చోబెట్టి అందరి ముందూ "వచ్చే ఏడాది నీకే" అని దీవించకుండా చూడు. ప్రేమతోనే అంటారు. కానీ అంతమంది కళ్లూ ఒక్కసారిగా నా పొట్ట మీద పడతాయి. మీ అత్తయ్యకి ముందే ఒక మాట చెప్పి ఉంచు, చాలు.

చిలుకూరులో నా కోసం 11 ప్రదక్షిణలు చేస్తానన్నావు. చెయ్యవే, వద్దనను. అయితే ఈ వికారం తగ్గాకే, ఎండ లేని వేళ చూసుకుని. శుక్ర, ఆదివారాల జనంలో వద్దు.

ఈ రాత్రికి ఫోన్ వద్దు రా, మాట్లాడితే ఏడుస్తాను, నువ్వు కంగారుపడతావు. శనివారం పొద్దున పదింటికి నేనే చేస్తా. ఈలోపు నీకు ఏం తినాలనిపిస్తోందో రాసి పెట్టు. చింతకాయ పచ్చడి అయితే మా అమ్మ పంపిన జాడీ నా దగ్గరే ఉంది, వచ్చే ఆదివారం తెచ్చిస్తా.

నీ సుమ