లిఫ్టుల వార్షిక నిర్వహణ ఒప్పందం రద్దు నోటీసు

విజయవాడ,
తేదీ: 12 జనవరి 2026

నుండి:
అధ్యక్షుడు, కార్యదర్శి,
అపార్ట్‌మెంట్ ఓనర్ల సంక్షేమ సంఘం,
మొగల్రాజపురం, విజయవాడ.

బ్రాంచి మేనేజర్ గారికి,
లిఫ్టుల సర్వీసు విభాగం,
విజయవాడ బ్రాంచి ఆఫీసు.

(ఈ రోజే మీ బ్రాంచి ఆఫీసులో చేతికి అందజేస్తూ, స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్‌లోనూ పంపుతున్నాం)

విషయం: మా అపార్ట్‌మెంట్‌లోని రెండు లిఫ్టుల కాంప్రహెన్సివ్ వార్షిక నిర్వహణ ఒప్పందాన్ని క్లాజు 14(బి) ప్రకారం 31 మార్చి 2026తో ముగిస్తున్నట్లు నోటీసు.

రిఫరెన్స్: 1) మన మధ్య 26 మే 2025న కుదిరిన ఒప్పందం. 2) సంఘం సర్వసభ్య సమావేశ తీర్మానం, తేదీ 4 జనవరి 2026.

అయ్యా,

1 జూన్ 2025 నుంచి 31 మే 2026 వరకు అమల్లో ఉండేలా రాసుకున్న పై ఒప్పందాన్ని గడువుకు ముందే ముగించాలని మా సంఘం తీర్మానించింది. ఆ తీర్మానం ప్రకారం ఈ నోటీసు ఇస్తున్నాం. 31 మార్చి 2026 రాత్రి 12 గంటలతో ఒప్పందం ముగుస్తుంది. ఏప్రిల్ 1 నుంచి ఈ లిఫ్టుల నిర్వహణ వేరే సంస్థ చూసుకుంటుంది.

క్లాజు 14(బి) ఇలా ఉంది: "ఒప్పందం మొదలై ఆరు నెలలు నిండిన తర్వాత, ఉభయ పక్షాల్లో ఎవరైనా, కారణం చూపాల్సిన అవసరం లేకుండా, 60 రోజులు తగ్గకుండా రాతపూర్వక నోటీసు ఇచ్చి ఒప్పందాన్ని ముగించవచ్చు." ఆరు నెలల గడువు 30 నవంబర్ 2025తో నిండింది. క్లాజు 17 ప్రకారం నోటీసు అందిన మర్నాటి నుంచి రోజులు లెక్కించాలి. ఈ రోజు మీ ఆఫీసులో అందజేస్తున్నాం కాబట్టి 60వ రోజు 13 మార్చి 2026 అవుతుంది. నెల మధ్యలో చేతులు మారితే సర్వీసుకూ లెక్కలకూ చిక్కులు వస్తాయని మార్చి నెలాఖరు దాకా పొడిగించాం. ఒప్పందం అడిగిన దానికంటే మీకు ఎక్కువ వ్యవధే ఇచ్చాం. పోస్టులో పంపిన నకలు సంక్రాంతి సెలవుల వల్ల వారం ఆలస్యంగా అందినా ఈ తేదీ మారదు.

పంపే పద్ధతి గురించి ఒక మాట. క్లాజు 17లో "రిజిస్టర్డ్ పోస్టు" అని ఉంది. తపాలా శాఖ 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. అందుకే స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్ సదుపాయం తీసుకుని, అందినట్లు రుజువు వచ్చేలా పంపుతున్నాం. ఆ కారణంగా నోటీసు చెల్లదనే ప్రశ్న రాకూడదనే చేతికి కూడా ఇస్తున్నాం.

క్లాజు 12 ప్రకారం, గడువు తీరడానికి 60 రోజుల ముందు ఎవరూ రాతపూర్వకంగా వద్దని చెప్పకపోతే ఒప్పందం మరో ఏడాదికి దానంతటదే కొనసాగుతుంది. ఈ ఉత్తరాన్ని ఆ క్లాజు కింద పొడిగింపు వద్దని చెప్పే నోటీసుగా కూడా తీసుకోండి. జూన్ నుంచి కొత్త ఏడాదికి ఇన్‌వాయిస్ పంపవద్దు.

క్లాజు 14(బి) కారణం చెప్పమని అడగదు. అయినా చెబుతున్నాం. మా భవనంలో 40 ఫ్లాట్లు ఉన్నాయి. వాటిలో చాలామంది పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేనివాళ్లు. వాళ్ల కోసం తీసుకున్న నిర్ణయం ఇది. దీని వెనక ఏం జరిగిందో మీ రికార్డుల్లో ఉండాలి.

లిఫ్టులకు మా దగ్గర జనరేటర్ లేదు. కరెంటు పోతే ఏఆర్‌డీ ఒక్కటే ఆధారం. బ్యాటరీ మీద నడిచి, లిఫ్టును దగ్గర్లోని అంతస్తుకు చేర్చి తలుపు తెరవాల్సిన పరికరం అది. రెండో నంబరు లిఫ్టులో ఆ బ్యాటరీలు బలహీనపడ్డాయని, మార్చాలని 14 ఆగస్టు 2025 నాటి సర్వీసు రిపోర్టులో మీ టెక్నీషియనే రాశారు. బ్యాటరీలు ఒప్పందం రెండో షెడ్యూలులో మీరు ఉచితంగా మార్చాల్సిన వాటిలో ఉన్నాయి. అక్టోబర్ 3న ఒకసారి, 22న మరోసారి ఈమెయిల్‌లో గుర్తు చేశాం. "స్టాక్ రాగానే" అన్న జవాబు వచ్చింది తప్ప బ్యాటరీలు రాలేదు. నవంబర్ 19 సాయంత్రం కరెంటు పోయి, రెండు, మూడు అంతస్తుల మధ్య ఆ లిఫ్టు ఆగిపోయింది. లోపల డెబ్బై దాటిన పెద్దావిడ, ఆమె ఆరేళ్ల మనవడు ఉన్నారు. ఏఆర్‌డీ పనిచేయలేదు. ఇరవై నిమిషాల్లో కరెంటు వచ్చినా కంట్రోలర్ ఫాల్ట్ చూపించి లిఫ్టు కదల్లేదు. మనుషులు ఇరుక్కుంటే 45 నిమిషాల్లో మెకానిక్ రావాలని క్లాజు 8(4) చెబుతోంది. ఆ రోజు మెకానిక్ వచ్చేసరికి గంటా నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆ పిల్లవాడి ఏడుపు అన్ని అంతస్తులకూ వినిపించింది. ఆవిడ ఇప్పటికీ లిఫ్టు ఎక్కడం లేదు.

ఇది మెకానిక్‌ల తప్పు కాదు. మా భవనానికి వచ్చే అబ్బాయి ఒక్కడే చాలా సైట్లు చూసుకుంటున్నాడని మాకు తెలుసు. రాత్రి పదకొండింటికి కూడా వచ్చి పని చేసి వెళ్లిన రోజులున్నాయి. ఈ ఉత్తరం వల్ల అతనికి ఏ ఇబ్బందీ రాకూడదు. బ్యాటరీలు పంపాల్సిందీ, సరిపడా మనుషుల్ని పెట్టాల్సిందీ ఆఫీసు.

ఇది కాక, క్లాజు 8(1) ప్రకారం ప్రతి లిఫ్టుకు నెలకోసారి జరగాల్సిన సర్వీసు రెండో లిఫ్టుకు సెప్టెంబర్‌లోనూ నవంబర్‌లోనూ జరగలేదు. లాగ్ బుక్‌లో ఆ నెలల పేజీల్లో మీ టెక్నీషియన్ సంతకం లేదు.

31 మార్చి వరకు ఒప్పందం పూర్తిగా అమల్లోనే ఉంటుంది. నోటీసు వచ్చింది కదా అని సర్వీసు తగ్గించే వీలు లేదు. జనవరి, ఫిబ్రవరి, మార్చి సర్వీసులు రెండు లిఫ్టులకూ జరగాలి. ఫిర్యాదులకు క్లాజు 8లో రాసిన సమయాల్లోపే స్పందించాలి. రెండో లిఫ్టు ఏఆర్‌డీ బ్యాటరీలను 27 జనవరి 2026లోపు మార్చి, మా సూపర్‌వైజర్ ఎదుట మెయిన్ ఆఫ్ చేసి పరీక్షించి చూపించాలి. ఆ తేదీ దాటితే క్లాజు 8(5) ఇచ్చిన వీలు ప్రకారం మేమే బయట కొనిపించి, ఆ బిల్లును చివరి లెక్కలో మీ ఖాతాకు రాస్తాం. మళ్లీ ఎవరైనా లోపల ఇరుక్కునే దాకా ఆగలేం.

మొదటి లిఫ్టు కంట్రోలర్ బోర్డు విషయం ముఖ్యమైనది. డిసెంబర్ 20న మా బోర్డును రిపేరుకని మీ వర్క్‌షాపుకు తీసుకెళ్లి, తాత్కాలికంగా మీ బోర్డు ఒకటి బిగించారు. ఆ రోజు ఇచ్చిన చీటీ నకలు జతచేశాం. మా బోర్డు బాగుచేసి ఫిబ్రవరి 28లోపు తిరిగి బిగించండి. అది బాగుకాదనుకుంటే, కాంప్రహెన్సివ్ ఒప్పందం కాబట్టి ఇప్పుడున్న బోర్డునే శాశ్వతంగా ఉంచుతున్నట్లు రాసివ్వండి. మార్చి 31న మీ బోర్డు విప్పుకుని వెళ్లిపోతే లిఫ్టు ఆగిపోతుంది. అలా జరగడానికి ఒప్పుకోం.

క్లాజు 14(డి) కింద అప్పగించాల్సినవి: రెండు లాగ్ బుక్కులు, వైరింగ్ డ్రాయింగులు, కంట్రోలర్ మాన్యువళ్లు, మెషిన్ రూమ్ తాళాలు, బయటి తలుపులు తెరిచే ఎమర్జెన్సీ కీలు, కంట్రోలర్, డ్రైవ్ పాస్‌వర్డ్‌లు. పాస్‌వర్డ్ లేకపోతే కొత్త సంస్థ మెకానిక్ ఫాల్ట్ హిస్టరీ కూడా చూడలేడు, చిన్న సెట్టింగ్ మార్చడానికీ కంట్రోలర్ మొత్తం మార్చాలంటాడు. మెషిన్లు మావి, వాటిలోకి వెళ్లే దారి కూడా మాకే ఉండాలి. టైమర్ లాక్ లాంటిది ఏదైనా పెట్టి ఉంటే తీసేయండి. 23 మార్చి 2026 ఉదయం 10 గంటలకు మీ ఇంజనీరు, కొత్త సంస్థ ఇంజనీరు, మా కమిటీ సభ్యులు కలిసి రెండు లిఫ్టులనూ చూద్దాం. రోప్‌లు, బ్రేకులు, గవర్నర్, డోర్ సెన్సర్లు, పిట్‌లోని స్విచ్‌లు ఏ స్థితిలో ఉన్నాయో రాసుకుని ముగ్గురం సంతకాలు చేద్దాం. తర్వాత ఏదైనా పాడైతే అది ఎవరి కాలంలో జరిగిందన్న గొడవ ఉండదు. ఆ రోజు తేలిన లోపాల్లో ఒప్పందం కిందకు వచ్చేవాటిని 31లోపు సరిచేయాలి.

ఇక డబ్బు సంగతి. ఏడాది రుసుము రెండు లిఫ్టులకు రూ. 84,000, దానిపై 18 శాతం జీఎస్టీ రూ. 15,120. అంటే మొత్తం రూ. 99,120. రెండు వాయిదాలుగా, జూన్ 1న రూ. 49,560, డిసెంబర్ 1న రూ. 49,560 ముందుగానే చెల్లించాం. మీకు బాకీ లేము. క్లాజు 14(సి) ప్రకారం ఏప్రిల్, మే నెలల సొమ్ము వెనక్కి రావాలి: నెలకు రూ. 7,000 చొప్పున రూ. 14,000, జీఎస్టీ రూ. 2,520, కలిపి రూ. 16,520. సర్వీసు జరగని నెలకు ఆ లిఫ్టు రుసుము తగ్గించాలని క్లాజు 8(3) చెబుతోంది. రెండో లిఫ్టుకు రెండు నెలలకు రూ. 3,500 చొప్పున రూ. 7,000, జీఎస్టీ రూ. 1,260, కలిపి రూ. 8,260. రెండూ కలిపితే రూ. 24,780. ఈ మొత్తానికి క్రెడిట్ నోట్ ఇచ్చి, క్లాజు 14(సి)లో ఉన్నట్లు 30 రోజుల్లోపు, అంటే 30 ఏప్రిల్ 2026లోగా సంఘం బ్యాంకు ఖాతాకు పంపండి. ఇప్పటివరకు మీకు చెక్కులు వచ్చిన ఖాతానే అది, మార్పు లేదు. 14(బి) కింద ముగించినప్పుడు ఎలాంటి ముందస్తు రద్దు రుసుమూ ఉండదని ఒప్పందంలోనే ఉంది కనుక ఆ పేరుతో ఏదీ మినహాయించవద్దు.

14(బి)ని ఎంచుకున్నంత మాత్రాన క్లాజు 8 కింద మాకు రావాల్సినవి వదులుకున్నట్లు కాదు. సేవాలోపం విషయంలో మాకున్న హక్కులు అలాగే ఉంటాయి.

ఈ నోటీసు అందాక మీ సేల్స్ విభాగం నుంచి డిస్కౌంట్ ఇస్తామని ఫోన్లు రావచ్చు. దయచేసి వద్దు. ధర గురించి మాకు ఫిర్యాదు లేదు. ఫోన్‌లో ఎవరు ఏం మాట్లాడినా ఈ నోటీసు మారదు. దీన్ని వెనక్కి తీసుకోవాలంటే సర్వసభ్య సమావేశం మళ్లీ తీర్మానించాలి. లెక్కలు, అప్పగింత గురించి ఏమున్నా కార్యదర్శి పేరిట రాతపూర్వకంగా పంపండి.

ఈ ఉత్తరం నకలు మీద మీ ఆఫీసు ముద్ర, తేదీ వేసి ఇవ్వండి. మార్చి 23 పరిశీలనకు మీ తరఫున వచ్చే ఇంజనీరు పేరు, కంట్రోలర్ బోర్డు విషయంలో మీ నిర్ణయం 19 జనవరి 2026లోపు తెలియజేయండి.

ఇట్లు,

(సంతకం) అధ్యక్షుడు
(సంతకం) కార్యదర్శి
(సంతకం) కోశాధికారి
అపార్ట్‌మెంట్ ఓనర్ల సంక్షేమ సంఘం, మొగల్రాజపురం

జతచేసినవి: ఒప్పందం నకలు, జనవరి 4 తీర్మానం నకలు, ఆగస్టు 14 సర్వీసు రిపోర్టు, అక్టోబర్ ఈమెయిళ్లు, సెప్టెంబర్, నవంబర్ లాగ్ బుక్ పేజీలు, డిసెంబర్ 20 నాటి బోర్డు చీటీ, చెల్లింపు రసీదులు రెండు.

నకలు: మీ సంస్థ ప్రధాన కార్యాలయంలోని సర్వీసు విభాగాధిపతికి, సంఘం నోటీసు బోర్డుకు.