అదనపు నిధులు లేకుండా ఆరు నెలల గడువు పొడిగింపు, సవరించిన బడ్జెట్ ఆమోదం కోసం వినతి

కల్యాణదుర్గం,
20 జనవరి 2025

సామాజిక బాధ్యత విభాగం మేనేజర్ గారికి,

విషయం: అనంతపురం జిల్లా కుందుర్పి, శెట్టూరు మండలాల్లో తొమ్మిది చెరువుల పూడికతీత ప్రాజెక్టు – గడువును 31 మార్చి 2025 నుంచి 30 సెప్టెంబరు 2025 వరకు పొడిగించడం గురించి.

నమస్కారం.

మీరు 2023 ఏప్రిల్‌లో మంజూరు చేసిన రూ. 48,60,000 గ్రాంటులో గత డిసెంబరు నెలాఖరు వరకు రూ. 30,00,000 ఖర్చయింది. జనవరి నుంచి మార్చి వరకు మరో రూ. 4,00,000 ఖర్చవుతుంది. గడువు ముగిసేనాటికి మిగిలే రూ. 14,60,000ను తర్వాతి ఆరు నెలల్లో, మొదట అనుకున్న పనికే వాడుకునేందుకు అనుమతి కోరుతున్నాం. అదనంగా ఒక్క రూపాయి కూడా అడగడం లేదు.

పని ఎందుకు ఆగింది

చెరువు పూడిక తీయడానికి మా ప్రాంతంలో ఏడాదికి ఒక్కటే అదను. మార్చి చివరికి నీళ్లు ఇంకిపోయి చెరువు అడుగు ఎండాలి. జూన్‌లో వానలు పడి రైతులు విత్తనం వేసేలోపు తవ్విన మట్టి పొలానికి చేరాలి. విత్తాక చేలోకి ట్రాక్టరు దిగదు. అప్పుడు తవ్విన మట్టి కట్ట పక్కన గుట్టగా పడి, మొదటి పెద్ద వానకే మళ్లీ చెరువులోకి జారుతుంది.

2023 వేసవిలో నాలుగు చెరువులు అనుకున్న ప్రకారం పూర్తయ్యాయి. మిగతా ఐదింటిని 2024 వేసవికి పెట్టుకుని, అనుమతుల కోసం ఫిబ్రవరిలోనే దరఖాస్తు చేశాం. మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వెలువడి ప్రవర్తనా నియమావళి అమల్లోకి వచ్చింది. మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు జరిగి, నియమావళి ముగిశాకే కొత్త పనుల అనుమతులు కదిలాయి. మాకు పత్రం అందేసరికి జూన్ చివరి వారం. అప్పటికే రైతులు వేరుశనగ విత్తుతున్నారు. యంత్రాలు దింపి డబ్బు ఖర్చు చేసి ఉంటే మీకు పంపే నివేదికలో అంకెలు కనిపించేవి కానీ రైతుకు గంపెడు మట్టి దక్కేది కాదు. అందుకే నిధిని ముట్టుకోకుండా ఉంచాం. అక్టోబరు వానలతో ఐదు చెరువుల్లోనూ నీళ్లు చేరాయి. కాబట్టి మార్చిలోపు తవ్వకం సాధ్యం కాదు.

ఈ ఐదు చెరువులను వదలకూడదని ఎందుకు అంటున్నాం

మాది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఎర్రనేలల ప్రాంతం. ఈ నేలలో తేమ నిలవదు. చెరువు ఒండ్రు వేసిన చేను వాన తర్వాత మరికొన్ని రోజులు తట్టుకుంటుంది. 2023 ఆగస్టులో దేశమంతటా వాన ముఖం చాటేసింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత పొడి ఆగస్టు లేదు. ఆ నెలలో మట్టి తోలుకున్న చేలల్లో వేరుశనగ ఆలస్యంగా వాడింది, తోలని పక్క చేలు ముందే తలవాల్చాయి. ఇది మా క్షేత్ర కార్యకర్తలు కళ్లారా చూసి రాసిపెట్టిన విషయం, ఊరిలో ఎవరినడిగినా చెబుతారు. మిగిలిన ఐదు ఊళ్ల రైతులు ఆ చేలను చూసి వెళ్లినవారే. మట్టి కోసం 186 మంది పేర్లు రాయించుకున్నారు. ట్రాక్టరు బాడుగ తామే పెట్టుకుంటామని సంతకాలు చేశారు. వారికిచ్చిన మాట మాకు బడ్జెట్ పద్దు కన్నా పెద్దది.

ఈసారి పని ఆగకపోవడానికి కారణాలు కూడా ఉన్నాయి. అనుమతి పత్రాలు ఇప్పుడు మా చేతిలో ఉన్నాయి. గత డిసెంబరులో నీటి సంఘాలకు ఎన్నికలు జరిగి కొత్త కమిటీలు వచ్చాయి. ఐదు సంఘాలూ తీర్మానాలు చేసి ఇచ్చాయి, వాటి నకళ్లు జతచేశాం.

సవరించిన బడ్జెట్ (రూపాయల్లో)

| పద్దు | మంజూరు | డిసెంబరు 2024 వరకు ఖర్చు | జనవరి–మార్చి అంచనా | మార్చి 31 నాటి మిగులు | ఏప్రిల్–సెప్టెంబరు కేటాయింపు |
|---|---|---|---|---|---|
| పూడికతీత యంత్రాల అద్దె | 18,00,000 | 7,20,000 | 0 | 10,80,000 | 9,00,000 |
| కట్ట, అలుగు, తూము మరమ్మతులు | 12,00,000 | 7,80,000 | 1,80,000 | 2,40,000 | 2,40,000 |
| మట్టి పరీక్షలు, రైతు శిక్షణ | 3,60,000 | 2,10,000 | 40,000 | 1,10,000 | 70,000 |
| సిబ్బంది జీతాలు | 10,08,000 | 8,82,000 | 1,26,000 | 0 | 1,80,000 |
| ప్రయాణం | 2,40,000 | 2,04,000 | 30,000 | 6,000 | 36,000 |
| కార్యాలయం, ఆడిట్ | 2,52,000 | 2,04,000 | 24,000 | 24,000 | 34,000 |
| మొత్తం | 48,60,000 | 30,00,000 | 4,00,000 | 14,60,000 | 14,60,000 |

జీతాల మార్పు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు ముందుగా అడిగేది దాని గురించే. 24 నెలలకు ఇచ్చిన జీతాల పద్దు మార్చితో అయిపోతుంది. మనిషి దగ్గర లేకుండా తవ్వకం జరిగితే ఎంత లోతు తీశారో, మట్టి ఎవరి పొలానికి వెళ్లిందో లెక్క ఉండదు. తవ్వకం సాగే ఏప్రిల్, మే, జూన్ నెలలకు ఇప్పటి జట్టునే నెలకు రూ. 42,000 చొప్పున కొనసాగిస్తాం. జూలై నుంచి సెప్టెంబరు వరకు ఒక్క క్షేత్ర కార్యకర్త మాత్రమే నెలకు రూ. 18,000 జీతంతో ఉంటారు. ఆ మూడు నెలల్లో సమన్వయకర్త పనికి సంస్థ సొంత నిధుల నుంచి ఇస్తుంది.

ఆ రూ. 1,80,000 యంత్రాల పద్దు నుంచి వస్తుంది. ఐదు చెరువుల పూడికనూ పరీక్ష చేయించినప్పుడు ఒకదాని లోపలి భాగంలో చవుడు ఎక్కువగా తేలింది. ఆ మట్టిని పొలానికి తోలితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. అక్కడ తవ్వకం తగ్గించి, చెరువులోకి నీళ్లు తెచ్చే వంకను బాగు చేస్తాం. ఆ వంక పని మరమ్మతుల పద్దులోనే సర్దుకుంటుంది. దీంతో మొదట అనుకున్న 900 గంటల యంత్రం పని 720 గంటలకు తగ్గింది. గంట అద్దె రూ. 1,200 నుంచి రూ. 1,250కి పెరిగినా మొత్తం రూ. 9,00,000 దాటదు.

శిక్షణ పద్దులో తగ్గిన రూ. 40,000 ప్రయాణానికి, తుది ఆడిట్‌కు వెళ్తుంది. హాలులో పెట్టాలనుకున్న తరగతుల బదులు, మట్టి వేసిన చేలల్లోనే రైతులను కలుస్తాం. ఒప్పందం ప్రకారం ఏ పద్దులోనైనా పది శాతం మించిన మార్పుకు మీ రాతపూర్వక సమ్మతి కావాలి కనుక గడువుతో పాటు ఈ మార్పులకూ ఆమోదం కోరుతున్నాం. నిల్వపై బ్యాంకు ఇచ్చిన వడ్డీ రూ. 38,400 పై పట్టికలో కలపలేదు, దానిని ఏం చేయాలో మీరు చెప్పినట్టే చేస్తాం.

పని క్రమం

ఏప్రిల్ మొదటి వారంలో ముందుగా ఎండే రెండు ఎగువ చెరువులతో మొదలుపెట్టి, జూన్ 10కి ఐదింటిలోనూ తవ్వకం ముగిస్తాం. ఏదైనా చెరువులో అప్పటికీ నీళ్లుంటే, ఎండిన అంచు మేరకే తీస్తాం. అలుగు, తూముల పని మేలో సాగుతుంది. జూలై నుంచి సెప్టెంబరు వరకు మట్టి వేసిన, వేయని చేలను పక్కపక్కనే గమనించి తేమ, పైరు వివరాలు నమోదు చేస్తాం. తుది నివేదిక, ఆడిట్ చేసిన వినియోగ పత్రం అక్టోబరు 31 లోపు మీకు అందుతాయి. సెప్టెంబరు 30 తర్వాత మిగిలేది ఎంతైనా వాపసు చేస్తాం, మరో పొడిగింపు అడగం.

కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద మీ బోర్డు దీన్ని కొనసాగుతున్న ప్రాజెక్టుగా ఆమోదించింది. ప్రారంభమైన 2023-24 కాక మరో మూడు ఆర్థిక సంవత్సరాల వరకు వెసులుబాటు ఉన్నందున, కోరిన గడువు ఆ పరిమితిలోపే ఉంది. మార్చి 31 నాటి మిగులు లెక్కను ఏప్రిల్ 5లోపు పంపుతాం, మీ వైపు ప్రత్యేక ఖాతా ప్రక్రియకు అది ఉపయోగపడుతుంది.

యంత్రాల యజమానులు వేసవి పనులకు ఫిబ్రవరిలోనే మాట తీసుకుంటారు. మీ నిర్ణయం ఫిబ్రవరి 20లోపు తెలిస్తే యంత్రాలను ఇదే ధరకు ఖాయం చేసుకోగలం. చెరువులను స్వయంగా చూడాలనుకుంటే ఏ రోజైనా రండి, సంఘం సభ్యులతో కలిసి కట్ట మీద నడిచి చూపిస్తాం.

ఇట్లు,
భవదీయ,
ప్రాజెక్టు సమన్వయకర్త

జతపరచినవి: ఐదు నీటి సంఘాల తీర్మానాలు, అనుమతి పత్రాలు, పూడిక మట్టి పరీక్ష ఫలితాలు, 186 మంది రైతుల అంగీకార పత్రం, డిసెంబరు 31 నాటి ఖర్చుల పట్టిక, బ్యాంకు నిల్వ ధ్రువపత్రం.