మీ రక్తపరీక్ష రిపోర్ట్: రంగు గుర్తులను ఎలా చదవాలి

మహిళ, 43 సంవత్సరాలు
నమూనా తీసుకున్నది: 14 జూన్ 2025, శనివారం, ఉదయం 7.05, కూకట్‌పల్లి, ఇంటి వద్ద
ల్యాబ్‌కు చేరినది: ఉదయం 10.20
పరగడుపు: 11 గంటలు
నమూనా స్థితి: సీరం గొట్టంలో కొద్దిగా హీమోలిసిస్ కనిపించింది

▲ పరిధి కంటే ఎక్కువ  ▼ పరిధి కంటే తక్కువ

రక్తకణాలు
హిమోగ్లోబిన్: 10.6 గ్రా./డె.లీ. ▼ (పరిధి 12.0–15.0)
ఎర్ర రక్తకణాలు: 44.5 లక్షలు (38–48 లక్షలు)
హిమటోక్రిట్: 33.4 శాతం ▼ (36–46)
ఎంసీవీ: 75 ఫెమ్టోలీటర్లు ▼ (80–100)
ఎంసీహెచ్: 23.8 పికోగ్రాములు ▼ (27–32)
ఆర్‌డీడబ్ల్యూ: 17.1 శాతం ▲ (11.6–14.0)
తెల్ల రక్తకణాలు: 7,200 (4,000–10,000)
ప్లేట్‌లెట్లు: 4.28 లక్షలు ▲ (1.5–4.1 లక్షలు)
ఈఎస్ఆర్: 26 మి.మీ. ▲ (0–20)

చక్కెర, కిడ్నీ, కాలేయం
పరగడుపు గ్లూకోజ్: 97 మి.గ్రా./డె.లీ. (70–99)
హెచ్‌బీఏ1సీ: 5.9 శాతం ▲ (5.7 కంటే తక్కువ)
క్రియాటినిన్: 0.46 మి.గ్రా./డె.లీ. ▼ (0.50–0.90)
పొటాషియం: 5.3 మిల్లీమోల్/లీ. ▲ (3.5–5.1)
ఎస్‌జీపీటీ: 22 యూనిట్లు/లీ. (33 వరకు)

మిగిలినవి
ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్: 118 మి.గ్రా./డె.లీ. ▲ (100 కంటే తక్కువ)
టీఎస్‌హెచ్: 5.2 మిల్లీ యూనిట్లు/లీ. ▲ (0.4–4.2)
విటమిన్ డి: 17 నా.గ్రా./మి.లీ. ▼ (30–100)

గత రిపోర్ట్, ఫిబ్రవరి 2024: హిమోగ్లోబిన్ 11.7, ఎంసీవీ 79, టీఎస్‌హెచ్ 3.9

ల్యాబ్ పాథాలజిస్ట్ వివరణ

ఒకేసారి పదమూడు గుర్తులు కనిపిస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. ఒంట్లో పదమూడు జబ్బులున్నాయని దీని అర్థం కాదు. ఇక్కడి గుర్తుల్లో ఏడు ఒకే సంగతిని చెబుతున్నాయి. మరికొన్ని నమూనా తీసిన తీరు వల్లనో, పరిధిని లెక్కించే పద్ధతి వల్లనో వచ్చి ఉండవచ్చు. ఇలాంటి గుర్తులను సాధారణంగా ఎలా అర్థం చేసుకుంటారో కింద రాశాను. వ్యాధి నిర్ధారణ మాత్రం మిమ్మల్ని చూసి, మాట్లాడి, పరీక్షించే డాక్టరుదే.

సాధారణ పరిధి ఎలా ఏర్పడుతుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న కనీసం 120 మంది రక్తాన్ని పరీక్షించి, ఆ ఫలితాల్లో మధ్యనున్న 95 శాతాన్ని పరిధిగా తీసుకుంటారు. పైనా కిందా మిగిలిన ఐదు శాతం మంది కూడా ఆరోగ్యవంతులే, అయినా వారి రిపోర్ట్‌లో గుర్తు పడుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కూడా కనీసం ఒక గుర్తు వచ్చే అవకాశం దాదాపు 64 శాతం. పెద్ద ప్యాకేజీ చేయించుకున్నవారి రిపోర్ట్‌లో ఒక్క గుర్తూ లేకపోవడమే అరుదు.

అన్ని పరిధులూ ఇలా లెక్కగట్టినవి కావు. కొలెస్ట్రాల్, హెచ్‌బీఏ1సీ, విటమిన్ డి పక్కన కనిపించేవి వైద్యులు నిర్ణయించిన హద్దులు. ఏ స్థాయి దాటితే ముప్పు పెరుగుతుందో చూసి పెట్టినవి. అందుకే ఎల్‌డీఎల్ 118 దగ్గర గుర్తు ఉన్నా, మందు అవసరమా కాదా అనేది ఆ ఒక్క అంకె చెప్పదు. బీపీ, పొగతాగే అలవాటు, మధుమేహం, కుటుంబంలో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు ఉన్నారా అన్నవన్నీ కలిపి చూస్తారు. ఇప్పటికే గుండెపోటు వచ్చినవారికి 100 కూడా ఎక్కువే, 70 కంటే తగ్గించాలంటారు.

ముందుగా చూడవలసినది: హిమోగ్లోబిన్, దాని చుట్టూ ఉన్నవి

ఈ రిపోర్ట్‌లో నిజంగా శ్రద్ధ పెట్టవలసినది ఇదే. గర్భవతి కాని మహిళకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. ఇక్కడ 10.6 ఉంది. ఎర్ర కణాల సంఖ్య సరిగానే ఉన్నా అవి పరిమాణంలో చిన్నవిగా ఉన్నాయి (ఎంసీవీ 75), ఒక్కో కణంలో హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది (ఎంసీహెచ్ 23.8), కణాలన్నీ ఒకే సైజులో లేవు (ఆర్‌డీడబ్ల్యూ 17.1). ఈ మూడూ కలిసి వచ్చినప్పుడు డాక్టర్లు మొదట అనుమానించేది ఇనుము లోపాన్నే. ఇనుము లోపంలో ప్లేట్‌లెట్లు కొద్దిగా పెరగడం తరచూ చూస్తాం. రక్తహీనత ఉంటే ఈఎస్ఆర్, అంటే ఎర్ర కణాలు గొట్టంలో అడుగుకు దిగే వేగం, కూడా పెరుగుతుంది. ఆ రెండు గుర్తులకు వేరే కారణం వెతికే ముందు ఇది సరిచేసి చూడటం మేలు.

గత ఏడాది ఫిబ్రవరిలో 11.7 ఉన్నది ఇప్పుడు 10.6కు దిగింది. ఒక్క అంకె కంటే ఈ దిగజారుడే ఎక్కువ చెబుతుంది. నెమ్మదిగా తగ్గితే శరీరం అలవాటు పడిపోతుంది. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, ఎప్పుడూ నీరసం లాంటివాటిని ఇంటి పని ఎక్కువై వచ్చినవని సరిపెట్టుకునే మహిళలు మన దగ్గర ఎందరో. దయచేసి అలా సరిపెట్టుకోకండి.

ఫెరిటిన్ పరీక్షతో ఇనుము నిల్వలు తెలుస్తాయి. తక్కువని తేలితే, ఎందుకు తక్కువైంది అన్నది తర్వాతి ప్రశ్న. ఈ ప్రశ్న వేయకుండా టానిక్ సీసా కొనుక్కుని ఊరుకోవడం సరికాదు. నెలసరిలో అధిక రక్తస్రావం, మొలలు, నొప్పి మాత్రలు ఎక్కువగా వాడటం వల్ల కడుపులో పుండు, నులిపురుగులు, తిండిలో ఇనుము చాలకపోవడం వంటివి సాధారణ కారణాలు. పురుషుల్లోనూ, నెలసరి ఆగిన మహిళల్లోనూ ఇనుము లోపం కనిపిస్తే జీర్ణాశయంలోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో తప్పక చూడాలి. చిన్న కణాలకు, హిమోగ్లోబిన్ తయారీలో లోపమైన తలసీమియా లక్షణం వంశపారంపర్యంగా ఉండటం కూడా కారణం కావచ్చు. అలాంటప్పుడు ఇనుము మాత్రలతో ఫలితం ఉండదు.

ఇనుము మాత్రలు రాస్తే వాటిని చాయ్‌తో వేసుకోకండి. భోజనం అయిన వెంటనే చాయ్ తాగే అలవాటున్న నగరం మనది, కానీ టీలోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. మాత్రకూ చాయ్‌కూ మధ్య కనీసం గంటైనా ఎడం ఉంచండి. నిమ్మరసంలో ఉండే సి విటమిన్ మాత్రం ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడుతుంది. మాత్రలు వాడే రోజుల్లో మలం నల్లగా రావడం మామూలే.

హెచ్‌బీఏ1సీ 5.9: ఇప్పుడే షుగర్ అనుకోవద్దు

5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ, 6.5 నుంచి మధుమేహం అని లెక్క. అయితే ఈ పరీక్ష కొలిచేది హిమోగ్లోబిన్‌కు అతుక్కున్న చక్కెరను. ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి గత రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. ఇనుము లోపం ఉన్నప్పుడు ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనబడవచ్చు. ఇక్కడ పరగడుపు గ్లూకోజ్ 97, అంటే పరిధిలోనే ఉంది. రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పనప్పుడు, రక్తహీనత సరయ్యాక మళ్లీ హెచ్‌బీఏ1సీ చూడటమో, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష రాయడమో డాక్టరు నిర్ణయిస్తారు. తల్లిదండ్రుల్లో ఎవరికైనా మధుమేహం ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి.

పొటాషియం 5.3

నమూనా స్థితి దగ్గర రాసిన మాటను ఒకసారి చూడండి. హీమోలిసిస్ అంటే గొట్టంలో కొన్ని ఎర్ర కణాలు పగలడం. పొటాషియం ఎక్కువగా ఉండేది కణాల లోపలే, కాబట్టి అవి పగిలితే బయటి ద్రవంలో దాని అంకె పెరుగుతుంది. మీ ఒంట్లోని రక్తంలో అది మామూలుగానే ఉండి ఉండవచ్చు. సన్నని నరం దొరక్క సూది తిప్పినా, చేతికి పట్టీ చాలాసేపు కట్టి ఉంచినా, పిడికిలి పదేపదే బిగించినా ఇలా జరుగుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు, బీపీకి టెల్మిసార్టన్, రామిప్రిల్ వంటి మందులు వాడేవారు మాత్రం దీన్ని నమూనా లోపమని వదిలేయకూడదు. వెంటనే డాక్టరుకు చెప్పాలి.

క్రియాటినిన్ 0.46 గురించి ఒక్క మాట చాలు. కండ తక్కువ ఉన్నవారిలో ఇది కొద్దిగా తక్కువ ఉంటుంది. కిడ్నీల విషయంలో మనం భయపడేది ఇది పెరిగినప్పుడు.

టీఎస్‌హెచ్, విటమిన్ డి

థైరాయిడ్ పనితీరును తెలిపే టీఎస్‌హెచ్ 5.2 అంటే హద్దు కొంచెం దాటింది. ఇది రోజులోని వేళను బట్టి మారుతుంది, జ్వరం వంటి జబ్బు నుంచి కోలుకుంటున్నప్పుడు కాస్త పెరుగుతుంది. సాధారణంగా రెండు మూడు నెలల తర్వాత ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ పరీక్షతో కలిపి మళ్లీ చేయిస్తారు. ఒక్కసారి ఈ స్థాయిలో వచ్చినంత మాత్రాన జీవితాంతం మాత్ర వేసుకోవాలని అనుకోవద్దు. గర్భవతులకు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారికి లెక్క వేరు, వారు ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. కొన్ని యంత్రాల్లో అది థైరాయిడ్ ఫలితాలను తారుమారు చేస్తుంది.

విటమిన్ డి 20 కంటే తక్కువ ఉంటే లోపం అంటారు. ఇంత ఎండ కాసే హైదరాబాద్‌లో ఎలా అని చాలామంది అడుగుతారు. ఎండ ఊరికి ఉంది, ఆఫీసులోనూ ఇంట్లోనూ ఉండే చర్మానికి తగలడం లేదు. వారానికొకటి చొప్పున వాడే 60,000 యూనిట్ల మోతాదును డాక్టరు చెప్పినన్ని వారాలే వాడండి. సొంతంగా నెలల తరబడి కొనసాగిస్తే రక్తంలో కాల్షియం పెరిగి ప్రమాదం కావచ్చు.

ఎప్పుడు ఆగకూడదు

హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గినా, పొటాషియం 6 దాటినా, ప్లేట్‌లెట్లు 20,000 కంటే పడిపోయినా మా ల్యాబ్ నుంచి రిపోర్ట్ కంటే ముందు ఫోను వస్తుంది. ఈ రిపోర్ట్‌లో అలాంటి అంకె లేదు. అంకెలు ఎలా ఉన్నా సరే ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఆయాసం, స్పృహ తప్పడం, మలంలో రక్తం, ఆగని రక్తస్రావం ఉంటే రిపోర్ట్ చదువుతూ కూర్చోకుండా 108కి ఫోను చేయండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఈ స్క్రీన్‌షాట్ ఒక్కటే కాకుండా ఫిబ్రవరి 2024 రిపోర్ట్‌నూ, వాడుతున్న మందుల పేర్లనూ తీసుకెళ్లండి. ఆయుర్వేద మందులు, సప్లిమెంట్లు కూడా మందులే. ప్రైవేటు ఆసుపత్రే కానక్కరలేదు, దగ్గరలోని బస్తీ దవాఖానాలో కూడా డాక్టరు ఈ రిపోర్ట్ చూస్తారు. వేరే ల్యాబ్‌లో మళ్లీ చేయిస్తే యంత్రాన్ని బట్టి పరిధి మారుతుంది, కాబట్టి అక్కడి అంకెను అక్కడి పరిధితోనే పోల్చండి.

పొటాషియం కోసం సోమవారం, జూన్ 16 ఉదయం 7 నుంచి 9 మధ్య మా మనిషి మళ్లీ మీ ఇంటికి వస్తారు. దీనికి రుసుము లేదు, పరగడుపున ఉండనవసరం లేదు. ఆ నమూనా తీసేటప్పుడు పిడికిలి బిగించి వదలకుండా చేతిని వదులుగా ఉంచండి. ఫెరిటిన్ కూడా చేయించుకోవాలని డాక్టరు చెబితే ఆదివారం సాయంత్రంలోగా యాప్‌లో చేర్చండి, అదే సూదితో రెండూ తీస్తారు.