బెయిలు పిటిషన్

తెనాలి జుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ గారి కోర్టులో

క్రిమినల్ మిసిలేనియస్ పిటిషన్ నం. 1187/2025
(టూ టౌన్ పోలీస్ స్టేషన్ క్రైం నం. 412/2025లో)

పిటిషనర్ / మూడవ నిందితుడు (ఏ-3): కొండపల్లి సాయి చరణ్, తండ్రి వెంకటేశ్వరరావు, వయస్సు 19 సంవత్సరాలు, డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థి, ప్రస్తుతం జుడీషియల్ రిమాండ్‌లో ఉన్నారు.

రెస్పాండెంట్ / ఫిర్యాదు పక్షం: రాష్ట్ర ప్రభుత్వం, టూ టౌన్ పోలీస్ స్టేషన్ హౌస్ ఆఫీసర్ ద్వారా.

భారతీయ నాగరిక సురక్షా సంహిత, 2023లోని సెక్షన్ 480 కింద పిటిషనర్ తరఫున దాఖలు చేస్తున్న బెయిలు పిటిషన్

పిటిషనర్ తరఫు న్యాయవాది గౌరవ న్యాయస్థానానికి సవినయంగా మనవి చేసుకునేదేమనగా:

1. పిటిషనర్‌పై భారతీయ న్యాయ సంహిత, 2023లోని సెక్షన్లు 115(2), 118(1), 126(2), 351(2) రెడ్ విత్ 3(5) కింద కేసు నమోదైంది. ఆయనను 2025 నవంబరు 9వ తేదీ సాయంత్రం అరెస్టు చేసి, మరుసటి రోజు గౌరవ న్యాయస్థానం ముందు హాజరుపరచగా, ఈ నెల 24వ తేదీ వరకు రిమాండ్ విధించడం జరిగింది. అప్పటి నుండి ఆయన సబ్ జైలులో ఉన్నారు.

2. ప్రాసిక్యూషన్ కథనం క్లుప్తంగా ఇది. నవంబరు 8వ తేదీ శనివారం రాత్రి సుమారు 8 గంటల 40 నిమిషాలకు టీ దుకాణం ముందు బండి నిలిపే విషయంలో ఫిర్యాదికీ మొదటి నిందితుడికీ మాటామాటా పెరిగింది. ఏ-1 తన బండికి కట్టి ఉన్న క్రికెట్ బ్యాటు తీసి ఫిర్యాది నుదుటిపై కొట్టాడు. ఏ-2 ఆయనను కదలనీయకుండా అడ్డుకున్నాడు. పిటిషనర్ "చొక్కా పట్టుకొని లాగి చెంపపై కొట్టాడు". పిటిషనర్‌కు సంబంధించి ఎఫ్.ఐ.ఆర్.లో ఉన్నది ఈ ఒక్క వాక్యమే.

3. పిటిషనర్ ఆ సమయంలో అక్కడ లేనని చెప్పడం లేదు. ఏ-1 తన క్లాస్‌మేట్ కావడంతో ఆయనతోపాటు టీ తాగడానికి వెళ్లిన మాట వాస్తవం. గొడవ మొదలైనప్పుడు ఇద్దరినీ విడదీయడానికే మధ్యలోకి వెళ్లానని పిటిషనర్ చెబుతున్నారు. అరెస్టు సమయంలో జరిపిన వైద్య పరీక్షలో పిటిషనర్ మెడకు ఎడమవైపు రెండు గీరుడు గాయాలు నమోదయ్యాయి. అవి ఎలా అయ్యాయో విచారణలో తేలవలసిందే అయినా, తోపులాట ఒకవైపు నుండి మాత్రమే జరగలేదని ఆ కాగితమే చూపుతోంది.

4. పై సెక్షన్లలో 115(2), 126(2), 351(2) బెయిలు ఇవ్వదగిన నేరాలు. బెయిలు హక్కుగా దొరకకపోవడానికి కారణం ఒక్క సెక్షన్ 118(1) మాత్రమే. ఆ సెక్షన్ వర్తించాలంటే కాల్చడానికి, పొడవడానికి, కోయడానికి వాడే ఆయుధంతో గానీ, దాడికి వాడితే మరణం సంభవించే అవకాశం ఉన్న సాధనంతో గానీ, చట్టం అక్కడ పేర్కొన్న నిప్పు, విషం వంటి ఇతర మార్గాల్లో గానీ గాయపరచి ఉండాలి. ఇక్కడ చెప్పిన సాధనం టెన్నిస్ బంతితో ఆడుకునే చెక్క బ్యాటు. అది ఆ నిర్వచనంలోకి వస్తుందా రాదా అన్నది విచారణకు వదిలేసినా, అది పిటిషనర్ చేతిలో ఉన్నదని ఫిర్యాది సైతం చెప్పలేదు. ముందుగా అనుకోకుండా, ఒక మాట మీద క్షణాల్లో చెలరేగిన గొడవలో, ఏ-1 చేసిన పనికి సెక్షన్ 3(5) ద్వారా పిటిషనర్‌ను బాధ్యుణ్ణి చేయాలంటే ఉమ్మడి ఉద్దేశాన్ని రుజువు చేయవలసి ఉంటుంది. రిమాండ్ రిపోర్టులో అటువంటి ఆధారం ఏదీ చూపలేదు.

5. ఫిర్యాదికి కనుబొమ్మ పైన మూడు కుట్లు పడ్డాయి. ఆ బాధను ఈ పిటిషన్ తక్కువ చేసి చూపడం లేదు. అయితే వూండ్ సర్టిఫికెట్ ప్రకారం అది సాధారణ గాయం. ఫిర్యాదిని ఆసుపత్రిలో చేర్చుకోకుండా అదే రాత్రి చికిత్స చేసి పంపించారు.

6. దర్యాప్తుకు పిటిషనర్ కస్టడీ ఇక అవసరం లేదు. బ్యాటును ఘటనాస్థలంలోనే స్వాధీనం చేసుకున్నారు. ఫిర్యాది, ఇద్దరు ప్రత్యక్ష సాక్షుల వాంగ్మూలాలు నమోదయ్యాయి. పైగా గొడవ జరిగిన రాత్రి పోలీసులు వచ్చేసరికి పిటిషనర్ పారిపోకుండా అక్కడే ఉండి, తన పేరు, కాలేజీ, తండ్రి ఫోన్ నంబరు తానే చెప్పినట్లు రిమాండ్ రిపోర్టు రెండవ పేజీలోనే ఉంది. అటువంటి వ్యక్తి కోర్టుకు రాకుండా తప్పించుకుంటాడని భావించడానికి ఆధారం లేదు.

7. ఈ కేసులోని ఏ నేరానికీ గరిష్ఠ శిక్ష మూడేళ్లకు మించదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు, రిమాండ్ యాంత్రికంగా జరగరాదని సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ వర్సెస్ బిహార్ రాష్ట్రం (2014) కేసులో స్పష్టం చేసింది. సతేందర్ కుమార్ ఆంటిల్ వర్సెస్ సి.బి.ఐ. (2022) తీర్పులో దానినే పునరుద్ఘాటించింది. అరెస్టు చెల్లుబాటును ప్రశ్నించడం ఈ పిటిషన్ ఉద్దేశం కాదు. ఇకపై నిర్బంధం ఎందుకన్నదే ఇక్కడి ప్రశ్న. బెయిలు విషయంలో వ్యక్తి స్వేచ్ఛ ఎంత విలువైనదో గుడికంటి నరసింహులు (1978) కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు వివరించిన తీరును గౌరవ న్యాయస్థానం దృష్టికి తెస్తున్నాము.

8. పిటిషనర్‌పై ఇంతకు ముందు ఏ కేసూ లేదు. ఆయన తండ్రి ఆటో నడుపుతారు, తల్లి టైలరింగ్ చేస్తారు. సొంత ఇంట్లో 20 ఏళ్లకు పైగా నివాసం ఉంటున్నారు. ఇంటి నుండి డిగ్రీ వరకు వచ్చిన మొదటి వ్యక్తి పిటిషనర్. మూడవ సెమిస్టర్ పరీక్షలు ఈ నెల 24న, అంటే రిమాండ్ గడువు ముగిసే రోజునే, ఉదయం మొదలవుతున్నాయి. హాల్ టికెట్‌ను విద్యార్థే సంతకం చేసి తీసుకోవాలి. దాని కోసం తండ్రి 11వ తేదీన కాలేజీకి వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వచ్చారు. నేరం రుజువైనా, 21 ఏళ్ల లోపు వారిని వీలైనంత వరకు జైలుకు పంపకూడదన్నది ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం, 1958లోని సెక్షన్ 6 ఆశయం. శిక్షగా కూడా చట్టం ఇష్టపడని జైలును విచారణకు ముందే ఆ వయసు కుర్రవాడు అనుభవించడం, దానివల్ల చదువులో ఒక ఏడాది వెనకబడడం న్యాయం కాదని హృదయపూర్వకంగా మనవి చేస్తున్నాము.

9. సెక్షన్ 480(3) కింద విధించవలసిన షరతులన్నిటికీ పిటిషనర్ కట్టుబడి ఉంటారు. ఫిర్యాదిని, సాక్షులను కలవరు, ఫోన్ ద్వారా గానీ ఇతరుల ద్వారా గానీ సంప్రదించరు. పిలిచినప్పుడల్లా దర్యాప్తు అధికారి ముందు హాజరవుతారు. ప్రతి ఆదివారం స్టేషన్‌లో సంతకం చేయమన్నా అభ్యంతరం లేదు; పరీక్ష రోజుల్లో మాత్రం ఉదయం వేళ మినహాయింపు కోరుతున్నాము. జామీను మొత్తం నిందితుడి స్తోమతకు మించి ఉండరాదని మోతీరామ్ (1978) కేసులో సుప్రీంకోర్టు చెప్పినందున, ఆటో సంపాదనపై నడిచే ఈ కుటుంబ పరిస్థితిని గమనించవలసిందిగా ప్రార్థన.

10. ఈ కేసులో పిటిషనర్ తరఫున ఇదే మొదటి బెయిలు పిటిషన్. మరే కోర్టులోనూ ఇటువంటి పిటిషన్ దాఖలు కాలేదు, పెండింగులో లేదు.

ప్రార్థన: పై కారణాల దృష్ట్యా, క్రైం నం. 412/2025లో పిటిషనర్‌ను రూ. 10,000 వ్యక్తిగత బాండు, అంతే మొత్తానికి ఒక జామీనుదారు పూచీకత్తుపై, న్యాయస్థానం సబబని భావించే షరతులతో బెయిలుపై విడుదల చేయవలసిందిగాను, పరీక్షల తేదీ దగ్గరపడినందున ఈ పిటిషన్‌ను అత్యవసరంగా విచారణకు స్వీకరించవలసిందిగాను ప్రార్థిస్తున్నాము.

జతపరచినవి: ఎఫ్.ఐ.ఆర్., రిమాండ్ రిపోర్టు, వూండ్ సర్టిఫికెట్ నకళ్లు. కాలేజీ బోనఫైడ్ సర్టిఫికెట్, పరీక్షల టైంటేబుల్. తండ్రి ఆధార్ కార్డు, ఇంటి పన్ను రశీదు నకళ్లు.

తెనాలి,
12-11-2025.

పిటిషనర్ / ఏ-3 తరఫు న్యాయవాది