లెక్కల్లో 31 వచ్చాక కొడుకుతో ఒక అమ్మ

ఇలా వచ్చి కూర్చో కన్నా. తిట్టడానికి పిలవలేదు.

ప్రోగ్రెస్ కార్డు చూశాను. లెక్కల్లో నూటికి 31, సైన్సులో 38. తక్కువే వచ్చాయి. పర్లేదులే అని నేననను, అంటే నువ్వూ నమ్మవు. నిన్న రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచినప్పుడే అర్థమైంది, నీకెంత కష్టంగా ఉందో. ఒకటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. ఈ మార్కులు చూసి నీ మీద మాకు ప్రేమ రవ్వంత కూడా తగ్గలేదు. పిన్ని వాళ్లబ్బాయికి ఎన్నొచ్చాయో నేను అడగలేదు, అడగను.

అయితే కార్డుని పుస్తకాల అడుగున దాచావు చూడు, నాకు మార్కుల కన్నా అదే బాధనిపించింది. ఇంకెప్పుడూ అలా చేయకు. ఎంత తక్కువొచ్చినా నా చేతికే ఇవ్వు.

పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు పెద్దవాళ్లు. పోయింది దొరుకుతుంది నాన్నా, కానీ అక్కడికి వెళ్లి వెతకాలి. లెక్కలంటే భయమని ఆ పుస్తకం పక్కన పెట్టేసి, నీకు బాగా వచ్చే తెలుగే మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చుంటే ఎలా దొరుకుతుంది?

నీ లెక్కల పేపర్ మొత్తం చూశాను. బీజగణితంలో పద్ధతి సరిగ్గానే వేశావు, మధ్యలో మైనస్ గుర్తు వదిలేశావు. అది తొందర వల్ల. రేఖాగణితంలో మాత్రం విషయమే అర్థం కాలేదు. అక్కడ ఎన్ని లెక్కలు చేసినా లాభం లేదు, ముందు టీచర్ని అడిగి చెప్పించుకోవాలి. చివరి పేజీ ఖాళీగా ఉంది, టైం చాలలేదు. దానికి గడియారం పెట్టుకుని రాయడం అలవాటు చేసుకోవాలి. మూడు తప్పులూ మూడు రకాలు. అందుకే "ఇంకా బాగా చదువు" అని ఊరికే చెప్పి వదిలేయలేను.

నువ్వు అసలు చదవలేదని కూడా అనను. కూర్చున్నావు, కానీ పక్కన ఫోన్ ఉంది. చదివిన పేజీనే మళ్లీ చదివావు. అలా చదివితే అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది. పుస్తకం మూసేసి, చూడకుండా రాస్తే తెలుస్తుంది ఏది వచ్చిందో, ఏది రాలేదో. పరీక్ష ముందు రాత్రి రెండింటిదాకా మేలుకోవడం కూడా మానేయాలి. నిద్ర చాలకపోతే చదివింది కూడా సమయానికి గుర్తురాదు.

ఈ రోజు నుంచి చదువుకునేటప్పుడు ఫోన్ నా దగ్గరుంటుంది. రాత్రి భోజనాలయ్యాక నీతో కూర్చుంటాను. లెక్కలు నాకూ అన్నీ రావు, రానివి రాసిపెట్టుకుని మర్నాడు టీచర్ని అడుగుదువు గాని.

సాయంత్రం నాన్న వచ్చాక మార్కుల సంగతి నువ్వే చెప్పు. నేను పక్కనే ఉంటాను. నీ బదులు మాత్రం చెప్పను.