మే నెల కరెంటు లెక్క గురించి ఇంటి ఓనరు మాస్టారికి ఉత్తరం

బరంపురం,
8 జూన్ 2025, ఆదివారం

మాస్టారికి నమస్కారాలు.

మీరూ అమ్మగారూ విశాఖలో బాగున్నారని తలుస్తాను. అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. తులసి కోటకి రోజూ నీళ్లు పోస్తున్నాను.

బుధవారం రాత్రి మీరు వాట్సాప్‌లో పంపిన మే నెల కరెంటు చీటీ గురించి రాస్తున్నాను. ఫోన్లో చెబుదామని రెండుసార్లు చేశాను. మాటల్లో అంకెలు కలిసిపోయి, మీరు ఒకటి అనడం, నేను ఇంకొకటి అనడం అయింది. పెద్దవారితో వాదన పెట్టుకున్నట్టు ఉంటుందని నేనే ఆపేశాను. కాగితం మీద అయితే మీరు తీరిగ్గా చూసుకుంటారు. లెక్కల మాస్టారు మీరు, చూస్తే మీకే తెలుస్తుంది.

మీ చీటీలో ఉన్నది ఇది: పాత రీడింగ్ 2791, కొత్త రీడింగ్ 2987, యూనిట్లు 196, యూనిట్‌కి 8.50 చొప్పున 1,666 రూపాయలు, బోరు మోటారుకి 100, మొత్తం 1,766. ఇందులో పాత రీడింగ్ సరైనదే, మోటారు వంద కూడా మనం అనుకున్నదే. కొత్త రీడింగ్, యూనిట్ రేటు, ఈ రెండిటి దగ్గరే తేడా ఉంది.

ముందు రీడింగ్ సంగతి. జూన్ 1న మీ మేనల్లుడు వచ్చి మెట్ల కింద ఉన్న మా సబ్‌మీటరుకి ఫోటో తీసుకున్నాడు. స్కూటరు అడ్డంగా ఉండడంతో పక్కనుంచి వంగి తీశాడు. మీరు నాకు తిరిగి పంపింది ఆ ఫోటోనే. దాన్ని ఫోన్లో పెద్దది చేసి చూశాను. అందులో మూడో అంకె 8 లాగానే కనిపిస్తుంది, అబద్ధం చెప్పను. కానీ అది 3. పోయిన సంవత్సరం గోడలకి సున్నం వేసినప్పుడు మీటరు అద్దం మీద చుక్క ఒకటి పడి ఎండిపోయింది. అది సరిగ్గా మూడో అంకెకి ఎడమ పక్కన ఉంది. ఆ చక్రాలు నల్లవి, అంకెలు తెల్లవి. పక్కనుంచి చూస్తే తెల్ల మరక 3కి ఎడమ వైపు అతుక్కుని 8 అయిపోతోంది. అదే రోజు పొద్దున 7 గంటల 12 నిమిషాలకి నేను ఎదురుగా నిలబడి తీసిన ఫోటో కూడా పంపుతున్నాను. అందులో 2937 స్పష్టంగా ఉంది, ఆ తర్వాత ఎర్ర చక్రంలో 4. ఎర్ర అంకె యూనిట్‌లో పదో వంతు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ప్రతి నెలా ఒకటో తారీఖున ఫోటో తీసుకోవడం నాకు అలవాటు. మీ మీద అనుమానంతో కాదు, కుట్టు పని చేసేవాళ్లం ప్రతిదీ కొలత రాసుకుంటాం.

రెండు ఫోటోల్లో ఏది నమ్మాలి అని మీకు రావచ్చు. అందుకే ఈ రోజు పొద్దున ఇంకో పని చేశాను. అద్దం మీద మరకని తడి గుడ్డ పెట్టి నానబెట్టి, గోటితో గీకి తీశాను. వెనక వాటా వదినగారు పక్కనే ఉన్నారు. తర్వాత ఫోటో తీశాను. ఈ రోజు, అంటే జూన్ 8న మీటరు మీద ఉన్నది 2971, ఎర్ర చక్రంలో 6. మాస్టారూ, ఒకటో తారీఖుకే 2987 అయిపోయిన మీటరు ఎనిమిదో తారీఖున 2971 దగ్గర ఎలా ఉంటుంది? మీటరు వెనక్కి తిరగదు కదా. ఈ ఒక్క ఫోటో చూసినా చాలు. ఒకటో తారీఖున 2937 అనుకుంటే ఈ వారంలో 34 యూనిట్లు కాలాయి, రోజుకి ఐదుకి కొంచెం తక్కువ. మే నెలంతా కూడా సుమారుగా అదే లెక్క వస్తుంది.

కాబట్టి మే నెలకి మా యూనిట్లు 2937 లోంచి 2791 తీసేస్తే 146. అంటే 196 కాదు, 50 యూనిట్లు ఎక్కువ పడ్డాయి.

చీటీ కింద మీరు "మెషిన్ పనికి ఇది తక్కువే" అని రాశారు. ఆ మాట చదివి ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. దాచిపెట్టి కరెంటు వాడుతున్నానని మీరు అనుకుంటున్నారేమో అనిపించింది. నా కుట్టు మెషిన్ మోటారు మీద 100 వాట్లు అని రాసి ఉంది. రోజుకి ఆరు గంటలు ఆపకుండా కుట్టినా యూనిట్‌లో సగం దాటి కొంచెం, నెలకి 26 రోజులు వేసుకుంటే పదహారు యూనిట్లు కూడా కావు. ఏప్రిల్లో ఠాకురాణి యాత్రకి పట్టుచీరల ఫాల్స్, జాకెట్లు అని రాత్రి పన్నెండు దాకా మెషిన్ మీదే ఉన్నాను, మీరే చూసి "కళ్లు పాడవుతాయమ్మా" అన్నారు. అంత పని ఉన్న నెలలో మీటరు తిరిగింది 132 యూనిట్లే, 2659 నుంచి 2791. మేలో పెరిగింది ఎండలకి. రెండు ఫ్యాన్లు పగలూ రాత్రీ తిరిగాయి, కూలరు పెట్టాం. పెరిగిన ఆ 14 యూనిట్లు మావే, వాటికి నేను అడ్డు చెప్పడం లేదు.

ఇక రేటు. జనవరిలో మేము దిగినప్పుడు మీరు అన్న మాట నాకు బాగా గుర్తుంది: "బిల్లులో యూనిట్‌కి ఎంత పడితే అంతే ఇవ్వండి, నాకు ఒక్క పైసా లాభం వద్దు." ఆ మాట మీదే ఇన్ని నెలలూ నడిచింది. ఏప్రిల్‌కి ఐదు రూపాయలు వేశారు. 132 యూనిట్లకి 660, మోటారుకి 100 కలిపి 760 రూపాయలు మే 5న మీ నంబరుకి పంపాను. ఆ స్క్రీన్‌షాట్ కూడా జత చేశాను.

మేకి ఒక్కసారిగా 8.50 ఎలా అయిందో మొదట నాకు అర్థం కాలేదు. మీరు పంపిన పెద్ద మీటరు బిల్లు స్క్రీన్‌షాట్ మా అమ్మాయి చదివి పెట్టింది, అది ఒడియా బాగా చదువుతుంది. పాత రీడింగ్ 18204, కొత్త రీడింగ్ 18592, మూడు వాటాలకీ మోటారుకీ కలిపి 388 యూనిట్లు. బిల్లులో రేట్లు మెట్లు మెట్లుగా వేశారు. మొదటి 50 యూనిట్లకి 2.90 చొప్పున 145 రూపాయలు, తర్వాతి 150కి 4.70 చొప్పున 705, మిగిలిన 188కి 5.70 చొప్పున 1,071.60. ఈ మూడూ కలిపి 1,921.60. స్థిర ఛార్జీ 60, విద్యుత్ సుంకం 76.86. మొత్తం మే నెల బిల్లు 2,058.46 రూపాయలు.

దాని కింద ఇంకో వరుస ఉంది, పాత బాకీ 1,246. రెండూ కలిపితే 3,304.46. దాన్ని 388తో భాగిస్తే ఎనిమిదిన్నర వస్తుంది. మీరు అడుగున ఉన్న మొత్తాన్ని తీసుకుని భాగించారని నాకు అనిపిస్తోంది.

ఆ పాత బాకీ ఎక్కడిదా అని వెనక్కి వెళ్లి మీరు మే మొదట్లో పంపిన ఏప్రిల్ బిల్లు స్క్రీన్‌షాట్ తీశాను. దాని మొత్తం కూడా 1,246 రూపాయలే, 251 యూనిట్లకి. అంటే ఏప్రిల్ బిల్లు కట్టడం మరిచిపోయారు, అది మే బిల్లులోకి వచ్చి చేరింది. అమ్మగారిని ఆసుపత్రులకి తిప్పుతూ ఆ హడావుడిలో గడువు దాటిపోయి ఉంటుంది, ఎవరికైనా జరిగేదే. కానీ ఏప్రిల్ వాటా మేము అప్పుడే ఇచ్చేశాం. అదే డబ్బు మే రేటులో కలిసి మళ్లీ మా మీద పడుతోంది. వెనక వాటా వాళ్లకి కూడా ఇదే రేటు వేశారని వదినగారు చెప్పారు. వాళ్ల లెక్క వాళ్లు మీతో మాట్లాడుకుంటారు, నేను దాంట్లోకి వెళ్లను.

బాకీ పక్కన పెడితే మే నెలకి యూనిట్ రేటు 2,058.46ని 388తో భాగించినంత. 5 రూపాయల 30 పైసలు దాటి కొద్దిగా. నేను పైకి జరిపి 5.31 వేసుకున్నాను. ఏప్రిల్ కన్నా ఎక్కువే, ఎందుకంటే ఈసారి 5.70 మెట్టులో ఎక్కువ యూనిట్లు పడ్డాయి. అది న్యాయమే. 146 యూనిట్లకి 775.26, మోటారుకి 100, కలిపి 875.26. నేను 876 ఇస్తాను.

మీ చీటీకీ దీనికీ తేడా 890 రూపాయలు. ఇందులో 425 రీడింగ్ తప్పు వల్ల, మిగిలింది రేటు వల్ల. "ఎక్కువ పడ్డ యూనిట్లు వచ్చే నెల ఎలాగూ సర్దుకుంటాయి కదా" అని ఫోన్లో అన్నారు. 2987 నుంచి మొదలుపెడితే యూనిట్లు సర్దుకుంటాయి, నిజమే. కానీ వాటికి ఇప్పుడు 8.50 చొప్పున కట్టి, వచ్చే నెల మిగిలేది ఐదు రూపాయల చొప్పున అయితే ఆ తేడా ఎవరు తిరిగి ఇస్తారు? పైగా బడులు తెరిచే నెల ఇది. పుస్తకాలూ ఫీజులూ ఈ నెలలోనే. 890 రూపాయలంటే నాకు ఎన్నో జాకెట్ల కూలి.

మీరు చేయవలసింది ఒక్కటే. మీ నోటుబుక్కులో మే నెల చివరి రీడింగ్ 2987 కొట్టేసి 2937 అని రాసుకుని, ఆ పేజీ ఫోటో ఒకటి నాకు పంపండి. జూన్ లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. ఎక్కడైనా నా లెక్క తప్పిందనిపిస్తే ఆ అంకె చుట్టూ గీత గీసి పంపండి, ఒప్పుకుంటాను. ఇకనుంచి ఒకటో తారీఖున మీ మేనల్లుడూ నేనూ ఇద్దరం ఉండగానే ఫోటో తీద్దాం. ముందు రోజు కబురు చెబితే ఆ స్కూటరు నేనే పక్కకి పెట్టిస్తాను.

అద్దె 4,500, కరెంటు 876, మొత్తం 5,376 ఈ రాత్రి మీ నంబరుకి పంపుతున్నాను. పదో తారీఖు దాటకూడదని ముందే పంపుతున్నాను, లెక్క తేలలేదని అద్దె ఆపను. ఏప్రిల్ బిల్లు ఇంకా కట్టకపోతే త్వరగా కట్టేయండి. కరెంటు తీసేస్తే మూడు వాటాలూ చీకట్లో పడతాయి, నా పనీ ఆగిపోతుంది. ఇక్కడ కౌంటర్‌కి వెళ్లవలసిన అవసరం ఉంటే చెప్పండి, మా ఆయన డ్యూటీ నుంచి వస్తూ కట్టి రసీదు తెస్తారు.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు,
మేడ మీద వాటా,
సత్యవతి