రాధికగారికి, ప్యాకింగ్ సెక్షన్ నుంచి

రాధికగారూ,

ఈ మెసేజ్ మీ ఒక్కరికే పంపితే సరిపోయేది. కానీ మీ మీద మాటలు నడిచింది ఈ గ్రూపులోనే. పైగా మొదటి మాట అన్నది నేను. అందుకే ఇక్కడే పెడుతున్నాను. కొంచెం పొడుగైంది, అందరూ టీ బ్రేక్‌లో చదవండి.

ఆ రాత్రి సంగతి సగం మందికి సగమే తెలుసు. సెప్టెంబరు నెలాఖరు, సి షిఫ్ట్. అమాక్సిసిలిన్–క్లావ్యులనేట్ 625 నడుస్తోంది. రెండు లక్షల నలభై వేల టాబ్లెట్ల బ్యాచ్‌లో అప్పటికే లక్షా అరవై వేలు స్ట్రిప్పుల్లోకి వెళ్లిపోయాయి. సోమవారం పొద్దున బండి కదలాలి. దసరా ముందు ఇన్సెంటివ్ కూడా దానితోనే ముడిపడి ఉంది. 2:40కి క్వాలిటీ తరఫున మీరు మామూలుగానే లీక్ టెస్ట్‌కి పది స్ట్రిప్పులు తీసుకున్నారు. నీలం నీళ్లలో ముంచి, వ్యాక్యూమ్ పెట్టి, వదిలి, బయటికి తీసి తుడిచి, ఒక్కో పాకెట్ విప్పి చూశారు. తొమ్మిది స్ట్రిప్పులు పొడిగా ఉన్నాయి. పదోదాని మూల పాకెట్‌లో టాబ్లెట్ అంచున ఆవగింజంత నీలం చుక్క.

ఆపరేటర్ "సరిగ్గా తుడవలేదు మేడం, విప్పేటప్పుడు అంటుకుంది" అన్నాడు. అది జరగని పనేం కాదు, చాలాసార్లు జరుగుతుంది. మీరూ ఆ మాట కొట్టిపారేయలేదు. మళ్లీ పది తీశారు, అన్నీ పాస్. మూడోసారి మరో పది తీశారు. మళ్లీ అదే మూల, మళ్లీ నీలం.

అక్కడివరకూ లైన్ ఆపడం ఎవరైనా చేసే పనే. చివరిసారి పాసైన టెస్ట్ నుంచి ఇప్పటిదాకా వచ్చిన సరుకు మాత్రం పక్కన పెట్టి, మిగతాది వదిలేసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. నేను ఇంటి నుంచి ఫోన్‌లో అరిచింది కూడా అదే: "అరగంట సరుకు పట్టుకోండి, మొత్తం ఎందుకు?" మీరు చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. "సర్, ఇంతకు ముందు శాంపిల్స్ అన్నీ ఆపరేటర్ నిలబడే వైపు నుంచే తీశారు. లీకయ్యేది గోడ వైపు ట్రాక్. ఆ పాస్‌లు నేను నమ్మలేను."

నేను ఇరవై రెండేళ్లుగా ప్యాకింగ్‌లో ఉన్నాను. చేతికి దగ్గరగా ఉన్న స్ట్రిప్పు తీసుకోవడం మా అందరి అలవాటు. అది తప్పని ఏనాడూ తట్టలేదు. మీకు తెల్లవారుజామున మూడింటికి, ఎదురుగా నలుగురు గుర్రుగా చూస్తుంటే తట్టింది. బ్యాచ్ మొత్తానికీ హోల్డ్ లేబుల్ వేసి, టైమ్ రాసి సంతకం పెట్టారు.

నేను పొద్దున్నే వచ్చి ఏమన్నానో ఇక్కడున్నవాళ్లలో చాలామంది విన్నారు. "చుక్క చూసి చెరువనుకుంటున్నారు" అన్నాను. ఆ మాట గ్రూపులో రెండు రోజులు తిరిగింది. తర్వాత మీకు "హోల్డ్ మేడం" అని పేరొచ్చింది. క్యాంటీన్‌లో మీ టేబుల్ ఖాళీగా ఉండటం నేను చూశాను. మహబూబ్‌నగర్ బస్సులో కూడా పక్క సీటు ఖాళీగానే ఉండేదని తర్వాత తెలిసింది. సద్దుల బతుకమ్మ రోజు ఆడవాళ్లంతా గేటు దగ్గర కలిసి ఫొటో దిగితే అందులో మీరు లేరు. పిలవలేదని విన్నాను. ఇన్సెంటివ్ పోయినవాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. పిల్లలకి కొత్త బట్టలు కొంటామని మాటిచ్చిన డబ్బు అది. కానీ ఆ కోపం అరిగిపోయిన ప్లేట్ మీద, దాన్ని మార్చకుండా సాగదీసిన మా మీద పడాలి. దారిలో మీరు నిలబడ్డారని మీ మీద పడింది.

ప్లేట్ సంగతి కూడా చెప్పేస్తాను. మెయింటెనెన్స్ వాళ్లు కార్బన్ పేపర్ పెట్టి సీలింగ్ ప్లేట్ అచ్చు తీశారు. అన్నిచోట్లా గళ్లు ముదురుగా పడ్డాయి. గోడ వైపు చివర మాత్రం సగం చెరిపేసిన ముగ్గులా లేతగా వచ్చింది. అక్కడ ఫాయిల్ అంటుకున్నట్టే కనబడుతుంది, కానీ గట్టిగా అతకదు. వేలితో లాగితే ఊడదు, గాలి మాత్రం దూరుతుంది.

మనవాళ్లు కొందరు "చిన్న లీకే కదా, మందేం విషమైపోదు" అన్నారు. సరే, చూద్దామని ఆ ట్రాక్ స్ట్రిప్పులు కొన్ని, మంచి ట్రాక్‌వి కొన్ని స్టెబిలిటీ ఛాంబర్‌లో పెట్టించాం. 40 డిగ్రీల వేడి, 75 శాతం తేమ. మూడు వారాల తర్వాత గురువారం నేనే వెళ్లి విప్పించాను. మంచి ట్రాక్ టాబ్లెట్లు తెల్లగా ఉన్నాయి. గోడ వైపువి కొన్ని పాత పేపరు రంగుకి తిరిగాయి, ఒకదాని మీద గోధుమ మచ్చలు, అంచు ఉబ్బి పొడి రాలుతోంది. క్లావ్యులనేట్‌కి తేమ పడదని మనకందరికీ నోటికి వచ్చు. బ్యాక్టీరియా అమాక్సిసిలిన్‌ని విరగ్గొట్టకుండా అడ్డుపడేది అదే. అది పాడైతే, జ్వరంతో ఉన్న మనిషి రోజుకు రెండు పూటలా మందు వేసుకుంటూనే ఉంటాడు, జ్వరం దిగదు. తప్పు ఎక్కడుందో డాక్టర్‌కీ తెలియదు. ఆ టాబ్లెట్‌ని పేపరు మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. మా అమ్మకి పోయిన వానాకాలం ఇదే మందు రాశారు.

ఇంకో మాట. ప్రతి ఏటా క్వాలిటీ ట్రైనింగ్‌లో ఫ్రాన్సిస్ కెల్సీ ఫొటో చూపిస్తాం. కడుపులో బిడ్డలకి హాని చేస్తుందని తర్వాత తేలిన థాలిడోమైడ్ మందుకి 1960లో అమెరికాలో అనుమతి అడిగితే, ఆధారాలు చాలవని ఆపేసిన ఎఫ్‌డీఏ డాక్టర్. కంపెనీ ఎన్నిసార్లు ఒత్తిడి చేసినా కదల్లేదు. 1962లో కెనడీ చేతుల మీదుగా అవార్డు అందుకున్నారు. ఆ స్లైడ్ వచ్చినప్పుడల్లా మేం చప్పట్లు కొడతాం, నేనే మొదలుపెడతాను కూడా. మన షెడ్‌లో ఒకరు అదే పని చేస్తే మాత్రం ఫోన్‌లో అరిచాను. ప్రొడక్షన్ చేతికింద క్వాలిటీ ఉండకూడదని మందుల తయారీ నియమాల షెడ్యూల్ ఎమ్ ఎందుకంటుందో, నాలాంటివాళ్లని చూసే రాసి ఉంటారు.

రాధికగారూ, ఆ రోజు నేనన్న మాటకి క్షమించండి. మీరు చేసింది సరైన పని, చేసిన పద్ధతి ఇంకా సరైనది. ఎవరినీ తప్పుపట్టలేదు, గొంతు పెంచలేదు. డీవియేషన్ రిపోర్ట్‌లో ఆపరేటర్ పేరు నిందలా రాయకుండా "శాంపిల్ తీసే పద్ధతిలో లోపం" అని రాశారు. ఆ కుర్రాడి ఉద్యోగం ఆ ఒక్క వాక్యంతో నిలబడింది. వాడు మీకు ఇంకా థాంక్స్ చెప్పలేదంటే సిగ్గుతోనే, పొగరుతో కాదు.

ఇప్పుడు మారినవి: ప్రతి లీక్ టెస్ట్‌కీ అన్ని ట్రాకుల నుంచీ స్ట్రిప్పులు తీయాలి, ట్రాక్ నంబర్ మార్కర్‌తో రాయాలి. ప్లేట్ అచ్చు నెలకోసారి తీస్తారు. మీ అప్రైజల్ నోట్‌లో నేను రాసిన "సహకారం తక్కువ" అనే మాట వెనక్కి తీసుకుంటున్నట్టు హెచ్‌ఆర్‌కి నిన్ననే మెయిల్ పెట్టాను. పోయిన ఇన్సెంటివ్ గురించి ప్లాంట్ హెడ్‌తో మాట్లాడాను. మెషిన్ లోపానికి మనుషుల డబ్బు కోయడం సరికాదన్నాను. సగం అయినా దీపావళికి ఇస్తామన్నారు. మిగతా సగం కోసం మళ్లీ అడుగుతాను.

మంగళవారం సి షిఫ్ట్‌కి నేనూ వస్తున్నాను. రెండున్నరకి టీ క్యాంటీన్‌లో కలిసి తాగుదాం, మీ టేబుల్ దగ్గరే. లీక్ టెస్ట్ అయ్యాకే వస్తారని తెలుసు, టీ చల్లారకుండా ఫ్లాస్క్‌లో పోయించి ఉంచుతాను.

మీ
ప్యాకింగ్ మేనేజర్